ఒక అక్షరం, మూడు సంఖ్యామానాలు

ప్రపంచ లిపులలోని అక్షరాలకు సంఖ్యలు కేటాయించిన యూనికోడ్ పట్టికలో తెలుగు 'క' ఎదురుగా U+0C15 అని ఉంటుంది. ముందున్న U+ యూనికోడ్ గుర్తు మాత్రమే. మిగిలిన 0C15 పదహారు ఆధారంగా, అంటే హెక్సాడెసిమల్‌లో రాసిన సంఖ్య. మనం రోజూ వాడే దశాంశ పద్ధతిలో అది 3093. కంప్యూటర్ వాడే బైనరీలో అయితే 110000010101. విలువ ఒక్కటే, రాసే తీరు మాత్రం మూడు విధాలు. ఒకదాని నుంచి మరొకదానికి వెళ్ళే పద్ధతులను చాలామంది సూత్రాలుగా బట్టీపడతారు. నిజానికి వాటన్నిటికీ మూలం చిన్న తరగతుల్లో నేర్చుకున్న స్థాన విలువే.

దశాంశంలో ఒక్కో స్థానం ఎడమకు జరిగేకొద్దీ విలువ పదింతలవుతుంది. హెక్సాడెసిమల్‌లో పదహారింతలు, బైనరీలో రెండింతలు అవుతుంది. పదహారు లెక్కలో ఒకే స్థానంలో పదిహేను దాకా పట్టాలి కాబట్టి 9 తర్వాత A, B, C, D, E, F అనే గుర్తులు వాడతారు. C అంటే పన్నెండు.

C15ను దశాంశంలోకి మార్చడానికి ఎడమ నుంచి మొదలుపెడదాం. ముందు 12 ఉంది. పక్కన ఇంకో అంకె చేరితే పాత అంకె ఒక స్థానం ఎడమకు జరుగుతుంది, అంటే పదహారింతలవుతుంది. అందుకే పదహారుతో గుణించి కొత్త అంకెను కలుపుతాం.

```
12
12 × 16 + 1 = 193
193 × 16 + 5 = 3093
```

ఇప్పుడు 3093 నుంచి వెనక్కి రావాలి. చివరి మెట్టు చూడండి: 3093 అంటే పదహారు 193 సార్లు, పైన 5. కాబట్టి 3093ను 16తో భాగిస్తే భాగఫలం 193, శేషం 5 వచ్చి తీరాలి. 193ను భాగిస్తే 12, శేషం 1. 12ను భాగిస్తే 0, శేషం 12, అంటే C. ఇందాకటి మెట్లనే కిందినుంచి పైకి ఎక్కాం. శేషాలను చివరి నుంచి మొదటికి చదవాలనే నియమం పుట్టింది ఇక్కడే. మొదట వచ్చిన శేషం ఒకట్ల స్థానం, ఆఖరున వచ్చినది అన్నిటికన్నా పెద్ద స్థానం. వరుస తిరగేయడం మరిచితే 51C వస్తుంది, అది 1308. ఫలితాన్ని మళ్ళీ గుణించి చూసుకుంటే ఈ తప్పు వెంటనే బయటపడుతుంది.

బైనరీకి కూడా ఇదే దారి. 2తో భాగిస్తూ శేషాలు రాసుకోవాలి. 3093కి పన్నెండుసార్లు భాగించాల్సి వస్తుంది. ముందు హెక్సాడెసిమల్‌లోకి మార్చుకుని అక్కడినుంచి బైనరీకి వెళ్ళడమే నాకు మేలనిపిస్తుంది, ఎందుకంటే ఆ రెంటి మధ్య భాగాహారమే అక్కర్లేదు. ఒక్కో అంకెను నాలుగు బిట్లుగా విడదీస్తే చాలు: C 1100, 1 0001, 5 0101.

ఇది ఎలా కుదిరింది? బైనరీలో కుడి నుంచి మొదటి నాలుగు స్థానాల విలువలు 1, 2, 4, 8. ఆ తర్వాతివి 16, 32, 64, ఇలా అన్నీ పదహారు గుణిజాలే. కాబట్టి మొత్తం సంఖ్యను 16తో భాగిస్తే శేషంగా మిగిలేది సరిగ్గా ఆ చివరి నాలుగు బిట్లు. అంటే చివరి హెక్సాడెసిమల్ అంకె. తర్వాతి నాలుగుకూ ఇదే మాట వర్తిస్తుంది.

అందువల్ల బిట్లను ఎప్పుడూ కుడి నుంచే విడదీయాలి. ఉదాహరణకు 1011010ను కుడి నుంచి విడదీస్తే 101 1010, అంటే 5A, విలువ 90. ఎడమ నుంచి విడదీస్తే 1011 010 అయి B2 వస్తుంది, అది 178. ఎడమ చివర బిట్లు తక్కువపడితే ముందు సున్నాలు చేర్చుకోవచ్చు, విలువ మారదు. కుడి చివర మాత్రం చేర్చకూడదు.

దశాంశానికి ఈ సదుపాయం లేదు. పది రెండుకు ఏ ఘాతమూ కాదు. 3093లోని అంకెలను విడివిడిగా నాలుగేసి బిట్లుగా రాస్తే 0011 0000 1001 0011 వస్తుంది. బైనరీ సంఖ్యగా దాని విలువ 12435. దశాంశంలో ఒక్క అంకె మారినా బైనరీలో చాలా బిట్లు కదలవచ్చు.

యూనికోడ్ పట్టికను హెక్సాడెసిమల్‌లో ముద్రించడంలోని సౌకర్యం కూడా ఇక్కడే తెలుస్తుంది. కన్నడ 'క' సంఖ్య 0C95. దశాంశంలో 3093, 3221 అని రాస్తే వాటి చుట్టరికం కంటికి కనబడదు. 0C15, 0C95 అని రాస్తే ఒక్క అంకె తేడా. 1 అంటే 0001, 9 అంటే 1001. తెలుగు, కన్నడ 'క'ల సంఖ్యల మధ్య ఉన్నది ఒకే ఒక్క బిట్టు.

దేవనాగరి 'క' సంఖ్య 0915. పాఠకులు దాన్ని కాగితం మీద దశాంశంలోకి మార్చి, మళ్ళీ భాగాహారంతో వెనక్కి తెచ్చి చూడాలి. వెళ్ళేటప్పుడూ వచ్చేటప్పుడూ మధ్యలో 145 తగిలితే లెక్క సరిపోయినట్టే.