చేనేత గుడ్డలో గీతలెందుకు?

అనకాపల్లి జిల్లా పాయకరావుపేటలో మగ్గం మీద నేసిన నూలు చీరను వెలుతురుకు ఎదురుగా పట్టి చూడండి. నేత ఒకచోట ఒత్తుగా, మరోచోట కాస్త పలచగా కనిపిస్తుంది. ఎందుకలా?

మగ్గానికి ముందుగా పొడవునా బిగించే దారాలే పడుగు. రాపిడికి తెగకుండా వాటికి గంజి పెడతారు. తర్వాత పోగులన్నిటినీ దువ్వెనలాంటి అచ్చు పళ్ల మధ్యగా లాగి కడతారు. నేసేవారు కాలితో తొక్కగానే పడుగులో సగం పోగులు పైకి, సగం కిందికి విడిపోతాయి. ఆ సందులోంచి నాడె అడ్డంగా దూసుకెళ్లి పేక దారాన్ని పరుస్తుంది. వెంటనే అచ్చును ముందుకు లాగి కొడితే, ఆ పేక నేసిన గుడ్డకు ఆనుకుని కూర్చుంటుంది.

తేడా వచ్చేది ఈ దెబ్బ దగ్గరే. గట్టిగా కొడితే పేకలు దగ్గరవుతాయి, మెల్లగా కొడితే ఎడమవుతాయి. ఎంత నేర్పున్నా, పొద్దుటి చేతి ఊపు సాయంత్రానికి అలాగే ఉండదు కదా! భోజనానికి లేచినా అంతే. బిగువు మీదున్న పడుగు ఆ కాసేపట్లో కొంచెం సాగుతుంది. మళ్లీ మొదలుపెట్టినచోట అడ్డంగా సన్నని గీత పడుతుంది.

అదే గీత నిలువుగా ఉంటే సంగతి వేరు. పడుగు పోగు తెగినా ముడి వేయకుండా నేసుకుపోయారన్నమాట. అది నిజంగా లోపమే. ఉతికేకొద్దీ అడ్డగీతలు కొంత సర్దుకుంటాయి గానీ, తెగిన పోగు వదిలిన ఖాళీ మాత్రం పూర్తిగా పూడదు.