ఎనిమిదింట ఒకటే గెలిచి ప్లేఆఫ్స్‌కి?

2024 ఐపీఎల్‌లో బెంగళూరు తొలి ఎనిమిది మ్యాచ్‌ల్లో ఒక్కటే గెలిచింది. అప్పటికి ఆ జట్టుకు ఎంత అవకాశం మిగిలింది? పైథాన్‌తో లెక్కకట్టొచ్చు. మిగిలిన ప్రతి లీగ్ మ్యాచ్‌కూ `random.random() < 0.5` అని ఒకసారే విజేతను తేల్చి, రెండు పాయింట్లివ్వాలి. చివర్న పట్టికలో మొదటి నాలుగు జట్లను చూడాలి. ఇలా సీజన్‌ను పదివేలసార్లు ఆడిస్తే, బెంగళూరు మిగిలిన ఆరూ గెలిచేవి సుమారు 156 మాత్రమే. వాటిలోనూ మిగతా జట్ల ఫలితాలు కలిసిరావాలి.

నిజంగానే ఆరూ గెలిచింది! కానీ 14 పాయింట్ల దగ్గర నాలుగు జట్లు నిలిచాయి. నెట్ రన్‌రేటే బెంగళూరును గట్టెక్కించింది. అందుకే గెలుపోటములతోపాటు గెలుపు తేడానూ ఊహించని ప్రోగ్రాం సరిగ్గా ఇక్కడే తప్పుతుంది.