పెట్ స్కానులో మెరిసినదంతా క్యాన్సరేనా?

పెట్ స్కాను రిపోర్టు చేతికి రాగానే ఇంటిల్లిపాదీ మొదట చూసేది అందులోని బొమ్మలనే. బూడిదరంగు దేహాకృతిలో అక్కడక్కడ నిప్పుకణికల్లా పసుపు, నారింజ చుక్కలు కనిపిస్తాయి. “ఒళ్ళంతా పాకిపోయింది” అన్న మాట డాక్టరు నోటి నుండి రాకముందే ఇంట్లోవారి నోటి నుండి వచ్చేస్తుంది. ఆ చుక్కలు నిజంగా చెబుతున్నదేమిటో తెలిస్తే ఆ మాట అనడానికి మనం కొంత ఆగుతాం.

ఈ యంత్రం క్యాన్సర్‌ను వెదకదు, చక్కెరను వెదకుతుంది. పరీక్షకు ముందు రోగి నరంలోకి ఎక్కించే మందు పేరు ఎఫ్‌డీజీ. అది దాదాపు గ్లూకోజే. గ్లూకోజు అణువులో ఒకచోట ఉండవలసిన ఆక్సిజన్‌ను తీసివేసి, ఆ స్థానంలో రేడియోధార్మికత గల ఫ్లోరిన్‌ను అమర్చుతారు. కణాలు దీనిని మామూలు చక్కెర అనుకొని అవే ద్వారాల గుండా లోపలికి తీసుకుంటాయి. లోపల హెక్సోకైనేజ్ అనే ఎంజైము దానికి ఫాస్ఫేటును తగిలిస్తుంది. అసలు గ్లూకోజు అయితే అక్కడి నుండి మెట్టు మెట్టుగా విడిపోయి శక్తిగా మారుతుంది. ఈ నకిలీ చక్కెరకు మాత్రం ఆ తరువాతి మెట్టు మూసుకుపోయి ఉంటుంది. ఫాస్ఫేటు తగిలింది కనుక కణం గోడ దాటి బయటికీ రాలేదు. అలా లోపలే చిక్కుబడిపోతుంది.

చిక్కుబడిన ఫ్లోరిన్ పాజిట్రాన్ అనే సూక్ష్మకణాన్ని వదులుతుంది. అది అతి సమీపంలోనే ఒక ఎలక్ట్రాన్‌ను కలుసుకొని, రెండూ నశించి, రెండు గామా కిరణాలు సరిగ్గా ఎదురెదురు దిక్కులకు దూసుకుపోతాయి. రోగి చుట్టూ వలయంగా అమర్చిన గ్రాహకాలు ఆ జంటలను పట్టుకొని అవి ఎక్కడ పుట్టాయో లెక్కగడతాయి. ఈ ఫ్లోరిన్ శక్తి సుమారు 110 నిమిషాలకు సగమైపోతుంది. కాబట్టే ఈ మందును తయారుచేసిన రోజే వాడాలి. 1976లో అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో దీనిని తొలిసారి మనుషులకు ఇచ్చినప్పుడు, బ్రూక్‌హేవెన్ ప్రయోగశాలలో తయారుచేసి విమానంలో తెప్పించుకోవలసి వచ్చింది.

క్యాన్సర్ కణాలు చక్కెరను అతిగా లాక్కుంటాయని 1920లలోనే జర్మన్ శాస్త్రవేత్త ఒట్టో వార్బుర్గ్ గమనించాడు. పెట్ స్కాను ఆ స్వభావం మీదనే ఆధారపడింది. అయితే చక్కెర ఆకలి క్యాన్సర్ ఒక్కదాని సొత్తు కాదు. మెదడు ఎప్పుడూ మెరుస్తూనే ఉంటుంది. మూత్రపిండాలు ఈ మందును బయటికి పంపుతాయి కనుక మూత్రాశయం కూడా మెరుస్తుంది. ఇవి డాక్టర్లకు పరిచితమైన వెలుగులే కనుక వాటితో చిక్కు లేదు.

అసలు చిక్కు సూక్ష్మజీవులతో పోరాడే రక్షక కణాలతో వస్తుంది. న్యూట్రోఫిల్, మ్యాక్రోఫేజ్ అనే తెల్లరక్త కణాలు పోరాటానికి దిగినప్పుడు వాటికి త్వరగా శక్తి కావాలి. అందుకు అవి తమ గోడల మీద చక్కెర ద్వారాలను పెంచుకుంటాయి. అంటే క్యాన్సర్ కణం చేసే పనినే ఇవీ చేస్తాయి. 1992లో జపాన్ పరిశోధకులు ఎలుకల కణితులను సూక్ష్మంగా పరిశీలించినప్పుడు, కణితి లోపల కూడా ఈ మందు క్యాన్సర్ కణాలలో కంటే వాటి చుట్టూ చేరిన మ్యాక్రోఫేజ్‌లలో ఎక్కువగా కనబడింది. ఇక క్షయ వ్యాధి అంటే మ్యాక్రోఫేజ్‌లు గుంపుగా చేరి క్రిములను చుట్టుముట్టిన గడ్డలే. వాటిని గ్రాన్యులోమాలు అంటారు. క్షయ ఇంకా విస్తారంగా ఉన్న మన దేశంలో పెట్ స్కానును చదివేవారు ఈ సంగతిని క్షణమైనా మరువరాదు.

ఇందులో ఏమి పణంగా ఉన్నదో తెలియడానికి ఒక ఉదాహరణ ఊహించుకుందాం. యాభై రెండేళ్ళ స్త్రీకి రొమ్ములో మూడు సెంటీమీటర్ల గడ్డ. ముక్క తీసి పరీక్షిస్తే క్యాన్సర్ అని తేలింది. చంకలో ఒక గ్రంథి కూడా వాచింది. ఇంతవరకైతే వ్యాధిని పూర్తిగా నయం చేయాలన్న లక్ష్యంతోనే చికిత్స సాగుతుంది. పెట్ స్కానులో మాత్రం ఛాతీ మధ్యలో, శ్వాసనాళానికి రెండు పక్కలా లింఫ్ గ్రంథులు మెరిశాయి. అవి కూడా క్యాన్సరే అయితే వ్యాధి నాలుగో దశకు చేరినట్లు. అప్పుడు నయం చేయాలన్న లక్ష్యం సాధారణంగా పక్కకు పోతుంది, వీలైనంత కాలం అదుపులో ఉంచడమే మిగులుతుంది. ఒక వెలుగుకు చెప్పుకునే అర్థం మీద ఆమె భవిష్యత్తంతా ఆధారపడి ఉంది.

రిపోర్టులో ఆ గ్రంథుల పక్కన ‘ఎస్‌యూవీ 7’ అని ఉంటుంది. మందు దేహమంతటా సమానంగా పరచుకుంటే ప్రతిచోటా ఈ అంకె 1 ఉంటుంది. 7 అంటే అక్కడ సగటుకు ఏడు రెట్లు చేరిందని అర్థం. 2.5 దాటితే క్యాన్సర్ అన్న మాట ఒకటి ప్రచారంలో ఉంది. దానిని నమ్మరాదు. చురుకుగా ఉన్న క్షయ గ్రంథి 7 ఏమిటి, 10 కూడా దాటగలదు. గంట తరువాత మరోసారి స్కాను తీసి, వెలుగు పెరిగితే క్యాన్సర్, తగ్గితే వాపు అని తేల్చే పద్ధతి కూడా క్షయ దగ్గర తడబడింది. క్షయలోనూ వెలుగు పెరుగుతుంది.

అనుభవం గల డాక్టరు అంకె కంటే అమరికను చూస్తాడు. రొమ్ము క్యాన్సర్ పాకితే ముందుగా అటువైపు చంకకు, రొమ్ముటెముక పక్క గ్రంథులకు పాకడం మామూలు దారి. ఈమెలో ఆ మధ్య దారి ఖాళీగా ఉంది. ఛాతీ గ్రంథులు మాత్రం రెండువైపులా సమానంగా వెలిగాయి, సీటీ బొమ్మలో వాటిలో సున్నపు మచ్చలు కూడా ఉన్నాయి. ఇవన్నీ అనుమానాన్ని క్షయ వైపు మళ్ళిస్తాయి. కానీ అనుమానంతో చికిత్స నిర్ణయించరు. కొసన అల్ట్రాసౌండ్ ఉన్న సన్నని గొట్టాన్ని నోటి ద్వారా శ్వాసనాళంలోకి పంపి, సూదితో ఆ గ్రంథి నుండి నమూనా తీస్తారు. దీనిని ఈబస్ అంటారు. ఆమె నమూనాలో క్యాన్సర్ కణాలు లేవు, గ్రాన్యులోమా ఉంది. జన్యు పరీక్షలో క్షయ క్రిమి దొరికింది. దీనితో క్యాన్సర్ నాలుగో దశ అన్న మాట తొలగిపోయింది. క్షయకు మందులు మొదలవుతాయి. అది కూడా అవసరమే, ఎందుకంటే కీమోథెరపీతో రోగనిరోధక శక్తి తగ్గినప్పుడు క్షయ విజృంభించవచ్చు.

సూది పరీక్షకూ ఒక పరిమితి ఉంది. సూది గుచ్చుకున్న చోట క్యాన్సర్ లేనంత మాత్రాన పక్కన లేదని కాదు. పైగా క్యాన్సర్ రోగుల గ్రంథులలో క్షయ లేకుండానే గ్రాన్యులోమాలు ఏర్పడడం కూడా ఉంది. అందువల్ల కొన్ని నెలల తరువాత మళ్ళీ స్కాను తీసి, ఆ గ్రంథులు మందులకు లొంగాయా లేదా అని చూస్తారు.

పరీక్షకు ముందు సాధారణంగా ఆరు గంటలు ఏమీ తినకూడదు. తింటే ఇన్సులిన్ పెరిగి మందును కండరాలలోకి నెట్టేస్తుంది. అయితే ఇది మన రోజా వంటిది కాదు. మంచినీళ్ళు బాగా తాగమనే చెబుతారు. కనుక రమజాన్‌లో తేదీ పడితే ముందుగానే డాక్టరుతోనూ, ఆలిమ్‌తోనూ మాట్లాడుకోవడం మేలు. మధుమేహం ఉన్నవారు మెట్‌ఫార్మిన్ వాడుతుంటే ఆ సంగతి చెప్పాలి. దానివల్ల పేగులు విపరీతంగా మెరిసి, లోపల ఏమున్నదీ కనబడకుండా పోతుంది. ఎన్నాళ్ళ ముందు ఆపాలో, అసలు ఆపాలో వద్దో వారే చెబుతారు. ఈమధ్య జరిగిన ఆపరేషన్, దగ్గు, జ్వరం, ఇంట్లో ఎవరికైనా క్షయ వచ్చిన సంగతి, ఇటీవల వేయించుకున్న టీకా, అది ఏ చేతికి వేశారన్నది కూడా చెప్పాలి. 2021లో కోవిడ్ టీకా వేసుకున్న ఎందరికో అటువైపు చంకలోని గ్రంథులు స్కానులో మెరిశాయి. అందుకే ఒక రొమ్ముకు క్యాన్సర్ ఉన్నవారికి రెండోవైపు చేతికి టీకా వేయమని డాక్టర్లు సూచించారు.