ప్రతి పేజీలోనూ అదే మంగ

బుడుగును బాపు ఎన్నిసార్లు గీసినా వాడు బుడుగే. గీసే చేతికి ఆ ముఖం తెలుసు. బొమ్మలు తయారుచేసే ఏఐకి ఆ జ్ఞాపకం ఉండదు. స్టేబుల్ డిఫ్యూజన్ లాంటి మోడల్ ప్రతి బొమ్మనూ అర్థంపర్థం లేని చుక్కల నుంచి మొదలుపెట్టి, మనం రాసిచ్చిన వర్ణన వైపు కొద్దికొద్దిగా తేటపరుస్తూ పోతుంది. మొదటి పేజీలో ఎవరిని గీసిందో రెండో పేజీ నాటికి దానికి తెలియదు.

మంగ అనే ఆరేళ్ల పాప అమ్మమ్మతో జాతరకు వెళ్లే కథ ఉందనుకుందాం. రెండు జడలు, చామనఛాయ, ఎడమ బుగ్గ మీద పుట్టుమచ్చ అని ఎంత వివరంగా రాసినా ఆ మాటలకు సరిపోయే ముఖాలు వేలల్లో ఉంటాయి. మోడల్ ప్రతిసారీ వాటిలో ఒకదాన్ని ఇస్తుంది. సీడ్ నంబరు మార్చకుండా ఉంచితే చాలని కొందరంటారు. కానీ సీడ్ పట్టి ఉంచేది మొదటి చుక్కల అమరికనే, ముఖాన్ని కాదు. దృశ్యం మారగానే అవే చుక్కల్లోంచి మరో పాప వస్తుంది.

కాబట్టి ముఖాన్ని వర్ణించడం కాదు, చూపించాలి. అందుకు బాగా పనికొచ్చేది లోరా. అసలు మోడల్‌ను కదపకుండా, ఒక్క మంగను మాత్రమే నేర్పి పక్కన తగిలించే చిన్న ఫైలు అది. పదిహేను నుంచి ముప్పై బొమ్మలతో తయారవుతుంది. ఆ బొమ్మలన్నిటిలో ఒకే ముఖం ఉండాలి కనుక వాటిని చిత్రకారుల చేత గీయించడమే మేలని నా అభిప్రాయం. ఎదురుగా, పక్కనుంచి, వెనకనుంచి, నవ్వుతూ, ఏడుస్తూ, నిద్రపోతూ గీయాలి. యానిమేషన్ స్టూడియోలు మోడల్ షీట్ అని ఏనాటి నుంచో చేస్తున్న పనే ఇది.

అసలు కిటుకు ఆ బొమ్మల కింద రాసే వివరణలో ఉంది. ఒక బొమ్మకు ఇలా రాస్తాం:

```
mngpapa6, sitting on a rope cot, yellow frock, laughing, side view
```

మొదటిది మంగకు పెట్టిన గుర్తు. మోడల్‌కు ముందే తెలిసిన పదం ఇక్కడ పనికిరాదు. manga అని రాస్తే జపాన్ కామిక్స్ వచ్చిపడతాయి. మిగతావన్నీ పేజీ పేజీకీ మారాల్సినవి. వివరణలో రాసినదాన్ని మోడల్ విడిగా నేర్చుకుంటుంది, రాయనిది గుర్తుకే అతుక్కుపోతుంది. అన్ని బొమ్మల్లోనూ పసుపు గౌను ఉండి దాని మాట ఎక్కడా రాయకపోతే, రాత్రి పడుకునే పేజీలోనూ మంగ అదే గౌనులో ఉంటుంది. పుట్టుమచ్చ సంగతి దీనికి సరిగ్గా తిరగబడుతుంది. అది ఎప్పుడూ ఉండాలి కనుక వివరణలో రాయకూడదు.

ఆ మచ్చతోనే ఇంకో చిక్కుంది. శిక్షణ ప్రోగ్రాముల్లో `flip_aug` అనే సెట్టింగు బొమ్మలను అద్దంలోలా తిప్పి కూడా నేర్పుతుంది. అది ఆన్‌లో ఉంటే మచ్చ ఒక పేజీలో ఎడమ బుగ్గ మీద, మరో పేజీలో కుడి బుగ్గ మీద కనిపిస్తుంది. ముఖంలో ఒకవైపే ఉండే గుర్తు ఏదైనా ఉంటే దాన్ని ఆపేయాలి.

ఇంత చేసినా జాతర పేజీలో ముఖం చెదురుతుంది. స్టేబుల్ డిఫ్యూజన్ బొమ్మను నిలువునా అడ్డంగా ఎనిమిదో వంతుకు కుదించి పనిచేస్తుంది. రంగులరాట్నం మీద కూర్చున్న మంగ ముఖం నలభై పిక్సెళ్లుంటే, లోపల దానికి దక్కేది ఐదు గడుల వెడల్పే. అంత చోటులో కళ్లూ ముక్కూ నిలవవు. అప్పుడు పేజీ మొత్తాన్ని మళ్లీ చేయించకుండా ముఖం ఉన్న ముక్కను మాత్రం పెద్దది చేసి, ఆ మేరకే తిరిగి గీయించి, కుదించి అతికించాలి. ఈ పద్ధతిని ఇన్‌పెయింటింగ్ అంటారు. ఎంత మార్చాలో చెప్పే అంకెను 0.4 దగ్గర మొదలుపెట్టి చూడవచ్చు. మరీ తక్కువైతే చెదిరిన ముఖం అలాగే ఉంటుంది, ఎక్కువైతే పాపే మారిపోతుంది.

పేజీలన్నీ అయ్యాక ముఖాలను మాత్రమే కత్తిరించి, ఒకే ఎత్తుకు తెచ్చి, వరసగా పెట్టి చూడాలి. పోల్చాల్సింది మోడల్ షీట్‌తో, ముందు పేజీతో కాదు. పక్కపక్క పేజీల మధ్య తేడా కంటికి ఆనదు. కానీ ముందు పేజీ బొమ్మనే ఆధారంగా ఇస్తూ పోతే ప్రతిసారీ ముఖం మోడల్‌కు అలవాటైన సగటు ముఖం వైపు కొంత జరగవచ్చు. కళ్లు పెద్దవి కావచ్చు, గడ్డం సన్నబడవచ్చు. అలా పుస్తకం చివరికొచ్చేసరికి ఆరేళ్ల మంగకు తొమ్మిదేళ్లు రావచ్చు.

ఇద్దరు కలిసి ఉన్న పేజీలు అన్నిటికన్నా కష్టం. మంగకూ అమ్మమ్మకూ చెరో లోరా పెట్టి ఒకేసారి గీయిస్తే ముఖాలు ఒకదానిలోకి ఒకటి కలిసిపోతాయి. పుట్టుమచ్చ అమ్మమ్మ బుగ్గ మీదికి వెళుతుంది. అలాంటి పేజీకి ముందు ఇద్దరి ఆకారాలు మాత్రం తెప్పించుకుని, అమ్మమ్మ ముఖాన్ని ఆమె లోరాతో, మంగ ముఖాన్ని మంగ లోరాతో విడివిడిగా నింపాలి.