గిలక ఒకటి, సమీకరణాలు నాలుగు



భ్రమణ గమనం మీద పెట్టిన టెస్టు పేపర్లు దిద్దాను. నువ్వు గిలక లెక్క మొత్తం కొట్టేసి వదిలేశావు. కొట్టివేత కింద ఏం రాశావో చదివాను. మార్జిన్‌లో τ = Iα ఉంది, L = Iω ఉంది, డిస్కు జడత్వ భ్రామకం ½MR² కూడా ఉంది. సూత్రాలన్నీ నీకు వచ్చు. ఏ సూత్రం ఏ వస్తువుకు రాయాలన్నది తేల్చుకోకముందే అంకెలు వేయడం మొదలుపెట్టావు, చిక్కంతా అక్కడే వచ్చింది. పరీక్షకు ఇంకా టైముంది కాబట్టి అదే లెక్కను ఇక్కడ మొదటి నుంచి చేసి చూపిస్తాను. పక్కన కాగితం పెట్టుకుని చదువు.

లెక్క ఇది. డిస్కు ఆకారంలో ఉన్న గిలక ద్రవ్యరాశి 4 కిలోలు, వ్యాసార్థం 0.1 మీటరు. దాని మీదుగా వేసిన తేలికపాటి తాడుకు ఒక కొసన 5 కిలోల దిమ్మె, రెండో కొసన 3 కిలోల దిమ్మె వేలాడుతున్నాయి. తాడు గిలక మీద జారదు. ఇరుసు దగ్గర ఘర్షణ లేదు. దిమ్మెల త్వరణమెంత? తాడులో తన్యతలెంత? g విలువ 10 తీసుకుందాం.

నువ్వు 50 − T = 5a అనీ, T − 30 = 3a అనీ రాసి, రెండూ కలిపి a = 2.5 తెచ్చావు. ఇందులో గిలక ద్రవ్యరాశి ఎక్కడా రాలేదు, చూశావా? ఇచ్చిన అంకె వాడకుండానే జవాబు వచ్చేసిందంటే, ఒక్కసారి ఆగి ఏ వస్తువును వదిలేశామో వెతకాలి. నువ్వు గిలకను వదిలేశావు.

మొదటి మెట్టు: కదులుతున్న వస్తువుల జాబితా రాయి. ఒక్కోదాని ఎదురుగా అదేం చేస్తోందో ఒక్క మాటలో పెట్టు. 5 కిలోల దిమ్మె కిందికి పోతోంది. 3 కిలోల దిమ్మె పైకి వస్తోంది. గిలక ఉన్నచోటే తిరుగుతోంది. మూడు వస్తువులు, మూడు కదలికలు. నేరుగా కదిలేదానికి F = ma రాయాలి, తిరిగేదానికి τ = Iα రాయాలి. కదులుతూ తిరిగేది ఏదైనా ఉంటే దానికి రెండూ రాయాలి. ఏ సూత్రం వాడాలన్న ప్రశ్నకు ఈ జాబితాలోనే జవాబు దొరుకుతుంది.

రెండో మెట్టు: మూడు బొమ్మలు విడివిడిగా గీయి. ఒకే బొమ్మ మీద బాణాలన్నీ గుచ్చితే ఏ బలం ఎవరిదో తెలీదు. దిమ్మెల ఎఫ్‌బీడీ నీకు అలవాటే, బరువు కిందికి, తన్యత పైకి. గిలక బొమ్మ దగ్గర మాత్రం ఒక జాగ్రత్త తీసుకోవాలి. దిమ్మెకైతే బాణాన్ని మధ్యలో గీసినా నడుస్తుంది. తిరిగే వస్తువుకు బలం ఎక్కడ పనిచేస్తోందో సరిగ్గా అక్కడే గీయాలి, ఎందుకంటే టార్క్ దూరం మీద ఆధారపడుతుంది. గిలక మీద నాలుగు బలాలున్నాయి. ఒక అంచున T₁ కిందికి, రెండో అంచున T₂ కిందికి లాగుతున్నాయి. గిలక బరువు మధ్యలో కిందికి ఉంటుంది, ఇరుసు పెట్టే బలం మధ్యలోనే పైకి ఉంటుంది. మధ్యలో ఉన్న రెండింటికీ ఇరుసు నుంచి దూరం సున్నా కాబట్టి వాటి టార్క్ కూడా సున్నాయే. ఇక మిగిలేవి T₁, T₂.

రెండు తన్యతలకూ వేర్వేరు పేర్లు ఎందుకంటావా? రెండూ సమానమైతే గిలక మీద నికర టార్క్ ఉండదు. టార్క్ లేకపోతే కోణీయ త్వరణం లేదు. మరి తాడేమో గిలకను పట్టుకుని వేగం పెంచుకుంటూ పోతోంది కదా! ద్రవ్యరాశి ఉన్న గిలకను తాడే తిప్పుతుంటే, తిప్పడానికి కావలసిన తేడా ఆ రెండు తన్యతల మధ్య ఉండి తీరాలి. ద్రవ్యరాశి లేని గిలక అని లెక్కలో స్పష్టంగా చెబితేనో, గిలక నున్నగా ఉండి తాడు దాని మీద జారుతోందంటేనో ఒకే T రాయాలి.

మూడో మెట్టు: ధన దిశ. 5 కిలోల దిమ్మెకు కిందికి ధనం అనుకుందాం. అలా అనుకున్నాక 3 కిలోల దిమ్మెకు పైకి ధనం, గిలకకు 5 కిలోల వైపు తిరగడం ధనం. మూడూ ఒకే కదలికకు చెందినవి కాబట్టి మూడు గుర్తులూ కలిసే ఉండాలి. నువ్వు లెక్క మధ్యలో అపసవ్య దిశ ధనమని గుర్తు తెచ్చుకుని గిలకకు మాత్రం గుర్తు మార్చేశావు. a ఒక దిశలోనూ α ఇంకో దిశలోనూ ధనమైతే a = Rα అని రాయడం కుదరదు.

నాలుగో మెట్టు: సమీకరణాలు.

50 − T₁ = 5a
T₂ − 30 = 3a
(T₁ − T₂)R = Iα
a = Rα

చివరిది తాడు జారదన్న మాటకు గణిత రూపం. దాన్ని ముడి సమీకరణం అని పిలుచుకుందాం, నేరు కదలికనూ తిరుగుడునూ కలిపేది అదే. ఇప్పుడు ఇంకేం చేయకుండా లెక్కపెట్టు. తెలియనివి T₁, T₂, a, α నాలుగు. సమీకరణాలూ నాలుగే. ఈ రెండు సంఖ్యలు సమానం కాకపోతే సాధించడం మొదలుపెట్టవద్దు. సమీకరణం ఒకటి తక్కువైతే ఎక్కువసార్లు మరిచిపోయేది ముడి సమీకరణాన్నే.

ఐదో మెట్టు: సాధించడం. I = ½ × 4 × 0.01 = 0.02. మూడో సమీకరణంలో α బదులు a/R పెట్టి, రెండు వైపులా R తో భాగిస్తే T₁ − T₂ = (I/R²)a, అంటే 2a. ఇప్పుడు మొదటి మూడూ కలిపితే తన్యతలు కొట్టుకుపోయి 20 = 10a మిగులుతుంది. a = 2 మీ/సె². T₁ = 40 న్యూటన్లు, T₂ = 36 న్యూటన్లు.

ఆరో మెట్టు: సరిచూడటం. సమీకరణాలతో తెచ్చిన జవాబును శక్తితో పరీక్షించు. దిమ్మెలు 1 మీటరు కదిలాయనుకో. స్థితిజ శక్తి నికరంగా 50 − 30 = 20 జౌళ్లు తగ్గుతుంది. v² = 2 × 2 × 1 = 4 కాబట్టి దిమ్మెల గతిజ శక్తి ½ × 8 × 4 = 16 జౌళ్లు. గిలకకు ω² = 4/0.01 = 400, దాని గతిజ శక్తి ½ × 0.02 × 400 = 4 జౌళ్లు. మొత్తం 20. సరిపోయింది. నీ జవాబు 2.5 అయితే దిమ్మెలకే 20 జౌళ్లూ పోయి, గిలక తిరగడానికి ఏమీ మిగలదు.

ఈఏపీసెట్‌లో 160 ప్రశ్నలకు 180 నిమిషాలే, ఇంత రాయడానికి టైమెక్కడిదని అడుగుతావు. అందుకే పై లెక్కలో I/R² వచ్చిన చోటు మళ్లీ చూడు. 20 = (5 + 3 + 2)a. గిలక తన 4 కిలోలతో కాక, 2 కిలోల అదనపు ద్రవ్యరాశిలా అడ్డుపడుతోంది. తాడు జారని ఇలాంటి లెక్కల్లో గిలక బదులు I/R² అని కలిపేసి త్వరణాన్ని ఒక్క గీతలో తేవచ్చు. వ్యాసార్థం ఇవ్వకపోయినా డిస్కుకు అది M/2 అవుతుంది, ద్రవ్యరాశంతా అంచునే ఉన్న రింగుకు M అవుతుంది. కానీ తన్యతలు అడిగితే విడి సమీకరణాలకు తిరిగి రాక తప్పదు.

ఇక రెండో రకం లెక్క, వాలు మీద దొర్లేది. 30 డిగ్రీల వాలు మీద 3 కిలోల గట్టి స్తూపాన్ని వదిలారు, ఘర్షణ గుణకం 0.4. ఇక్కడ వస్తువు ఒక్కటే, కానీ అది కదులుతూ తిరుగుతోంది. కాబట్టి దానికి రెండు సమీకరణాలు, పైన ఒక ముడి. వాలు వెంట 15 − f = 3a. కేంద్రం చుట్టూ fR = ½ × 3 × R²α, అంటే f = 1.5Rα. ముడి a = Rα. తెలియనివి f, a, α మూడు, సమీకరణాలు మూడు. సాధిస్తే a = 3.33, f = 5 న్యూటన్లు.

చాలామంది ఘర్షణ మాట వినగానే f = μN అని రాసేస్తారు. జారకుండా దొర్లుతున్నప్పుడు పనిచేసేది స్థైతిక ఘర్షణ, అది కావలసినంతే ఉంటుంది. μN దాని గరిష్ఠ హద్దు మాత్రమే. ఇక్కడ N = 26 కాబట్టి హద్దు 10.4. f చోట అదే పెడితే a = 1.53 వస్తుంది, Rα మాత్రం 6.93. అంటే కిందికి దిగే వేగం కన్నా అంచు తిరిగే వేగమే ఎక్కువ. తిప్పే మోటారేదీ లేని స్తూపం, నిలకడ నుంచి వదిలితే, అలా తిరగడం అసాధ్యం. తప్పు పట్టుకోవడానికి a ని, Rα ని పక్కపక్కన పెట్టి చూడటం చాలు.

మరి దొర్లుతుందనే నమ్మకమేంటి? ముందు దొర్లుతుందనుకుని f తేవాలి, తర్వాత దాన్ని హద్దుతో పోల్చాలి. 5 కన్నా 10.4 ఎక్కువ, కాబట్టి మన ఊహ నిలిచింది. అదే ఘర్షణ గుణకం 0.1 అయితే హద్దు 2.6. కావలసింది 5, దొరికేది 2.6. స్తూపం జారుతుంది. అప్పుడు a = Rα ముడిని కొట్టేసి దాని స్థానంలో f = μN రాయాలి. ఒకటి పోయి ఒకటి వచ్చింది, లెక్కకు మళ్లీ మూడే. a = 4.13, Rα = 1.73. కేంద్రం ముందుకు పోతోంది, తిరుగుడు వెనకబడింది. జారడమంటే అదే కాబట్టి జవాబు పొసిగింది. ఇలా జారేటప్పుడు యాంత్రిక శక్తిలో కొంత వేడిగా పోతుంది. పైన చేసినట్టు శక్తితో సరిచూస్తే పొసగదు, కంగారు పడకు.

ఈ వారం ఒక పని చెయ్యి. పాఠ్యపుస్తకంలో ఈ అధ్యాయం చివరి లెక్కలు తీసుకుని నాలుగో మెట్టు దాకా మాత్రమే రాయి. వస్తువులు, బొమ్మలు, ధన దిశ, సమీకరణాలు. పక్కన తెలియనివెన్నో, సమీకరణాలెన్నో వేసి ఆపెయ్. సాధించవద్దు. ఆ రెండు అంకెలూ కలవని లెక్కలకు టిక్కు పెట్టి స్టడీ అవర్‌లో నా దగ్గరికి తీసుకురా. ముందు వాటినే చూద్దాం.

ఇట్లు,
మీ ఫిజిక్స్ మాస్టారు