వైఫై 7 ఫోన్ కొన్నా ఫుల్ స్పీడ్ ఎందుకు రావట్లేదు? అసలు విషయం 6 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో ఉంది

వైఫై 7 ఫోన్, వైఫై 7 రౌటర్ రెండూ కొన్నారు. ఫోన్‌లో నెట్‌వర్క్ డీటెయిల్స్ ఓపెన్ చేస్తే ఫ్రీక్వెన్సీ దగ్గర మాత్రం 5 గిగాహెర్ట్జ్ అనే కనిపిస్తోందా? అయితే ఫోన్‌లో లోపం ఉందని అనుకోకండి. ఏ దేశంలో ఏ బ్యాండ్ వాడొచ్చో అక్కడి ప్రభుత్వం డిసైడ్ చేస్తుంది, రౌటర్ దానికి తగ్గట్టే నడుస్తుంది.

జియో, ఎయిర్‌టెల్ వాడే బ్యాండ్లు లైసెన్స్‌డ్. వేలంలో డబ్బు కట్టి కొన్నారు కాబట్టి ఆ ఏరియాలో ఆ ఫ్రీక్వెన్సీలో ఇంకెవరూ సిగ్నల్ పంపకూడదు. వైఫై బ్యాండ్లు అన్‌లైసెన్స్‌డ్, అంటే పవర్ లిమిట్ దాటకుండా ఎవరైనా ఫ్రీగా వాడుకోవచ్చు. పక్క ఫ్లాట్ రౌటర్ అడ్డొచ్చినా కంప్లైంట్ చేయడానికి మాత్రం లేదు.

ఇప్పుడు గొడవంతా 5925 నుంచి 7125 మెగాహెర్ట్జ్ దాకా ఉన్న 1200 మెగాహెర్ట్జ్ గురించే. అమెరికా 2020లో మొత్తం వైఫైకి వదిలేసింది. మన దగ్గర టెలికాం కంపెనీలు మొత్తం మొబైల్‌కే కావాలన్నాయి, టెక్ కంపెనీలు వైఫైకి ఇవ్వమన్నాయి. చివరికి 2025 మేలో టెలికాం శాఖ ఇచ్చిన డ్రాఫ్ట్ రూల్స్‌లో కింది 500 మెగాహెర్ట్జ్‌ను మాత్రమే లైసెన్స్ లేకుండా వదలాలని ప్రతిపాదించింది. అది కూడా తక్కువ పవర్‌తో, ఇంటి లోపల. అతి తక్కువ పవర్ ఉన్న డివైజ్‌లకైతే బయట కూడా ఓకే.

ఇంటి లోపలే ఎందుకు? కింది భాగంలోనే భూమి నుంచి శాటిలైట్‌కి సిగ్నల్స్ వెళ్తాయి. బయట లక్షల రౌటర్లు పెడితే వాటి సిగ్నల్స్ అన్నీ కలిసి పైన శాటిలైట్ రిసీవర్‌కి నాయిస్ అవుతాయి. గోడలుంటే ఆ సిగ్నల్ చాలా వరకు అక్కడే తగ్గిపోతుంది.

ఇక లెక్క చూద్దాం. వైఫై 7 బెస్ట్ స్పీడ్‌కి 320 మెగాహెర్ట్జ్ ఛానల్ కావాలి. 1200లో అలాంటివి మూడు పడతాయి, 500లో ఒక్కటే. అపార్ట్‌మెంట్‌లో నలుగురూ అదే ఛానల్ పెట్టుకుంటే స్పీడ్ కూడా పంచుకోవాల్సిందే. అందుకే నా ఓటు 160కే, అవి మూడు పడతాయి.

మొబైల్‌కి ఇచ్చే బ్యాండ్ల రూటు వేరు. టెలికాం శాఖ ట్రాయ్‌ని సిఫార్సులు అడుగుతుంది. ట్రాయ్ కన్సల్టేషన్ పేపర్ పెట్టి అందరి అభిప్రాయాలు తీసుకుని, బ్లాక్ సైజు, కనీస ధర చెబుతుంది. ఆ తర్వాతే వేలం. ఈ కనీస ధర దగ్గరే తేడా కొడుతుంది. 700 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌కి 2016లో ఒక్కో మెగాహెర్ట్జ్‌కి దేశమంతటికీ కలిపి 11,485 కోట్లు పెట్టారు, ఒక్కరూ కొనలేదు. 2021లో తగ్గించినా అంతే. 2022లో 3,927 కోట్లకు దించితే జియో ఒక్కటే 10 మెగాహెర్ట్జ్ కొంది. గోడలు దాటి లోపలికి బాగా వచ్చే ఆ బ్యాండ్ అన్నేళ్లూ ఎవరికీ పనికి రాకుండా ఖాళీగానే పడి ఉంది.