పై మేనేజరుకు రాసేటప్పుడు

మాదాపూర్‌లో ఒక సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ టీమ్ కష్టం చూద్దాం. ఆన్‌లైన్ చెల్లింపుల యాప్ 28వ తేదీ శుక్రవారం విడుదల కావాలి. రీఫండ్ల భాగం పరీక్షించాలంటే టెస్ట్ సర్వర్‌కు యాక్సెస్ కావాలి. అది వేరే టీమ్ చేతిలో ఉంది. 4న టికెట్ పెట్టారు, రెండుసార్లు గుర్తుచేశారు. మేనేజరుకు చెబితే ‘మాట్లాడతాను’ అన్నారు. 17వ తేదీ వచ్చినా యాక్సెస్ రాలేదు.

ఇలాంటప్పుడు చాలామంది చేసే పని, పాత మెయిళ్ల చాంతాడంతా పై మేనేజరుకు ఫార్వర్డ్ చేసి ‘మీరే చూడండి’ అనడం. పెద్దాయన అందులో మొదట చూసేది ఎవరెవరు ఎంత విసుగ్గా రాశారన్నదే. అసలు సమస్యేమో, అవతలి టీమ్‌లో ఆ పని చూసే ఒక్కరి మీదే మూడు ప్రాజెక్టులున్నాయి. ఏది ముందు చెయ్యాలో ఆయనా చెప్పలేడు, మన మేనేజరూ చెప్పలేరు. రెండు టీములూ ఎవరి కింద ఉన్నాయో వారే చెప్పాలి. కాబట్టి అడగాల్సింది ఆ నిర్ణయం.

మెయిల్ ఇంగ్లిష్‌లోనే వెళ్తుంది కానీ సారం ఇలా ఉంటే చాలు:

‘సార్, 28న విడుదలకు రీఫండ్ల పరీక్ష మిగిలింది. దానికి ఆరు పనిదినాలు పడుతుంది. 19 సాయంత్రానికి యాక్సెస్ అందితే సరిపోతుంది. యాక్సెస్ టీమ్‌కు ఇదే వారంలో మరో రెండు ప్రాజెక్టుల పని ఉంది. మూడు దారులు కనిపిస్తున్నాయి: ఈ పని ముందుకు జరపడం, విడుదల వారం వాయిదా వేయడం, రీఫండ్లు లేకుండా మిగతాది విడుదల చేయడం. మా మేనేజరుతో మాట్లాడాను. రేపు మధ్యాహ్నంలోగా ఏది చేద్దామో చెప్పగలరా?’

ఇందులో మనిషి పేరు లేదు. ‘ఎన్నిసార్లు అడిగినా’ అన్న మాటా లేదు. ఆ ముక్క పడితే మిగతా మర్యాదంతా వృథా. టికెట్ నంబరు కింద ఇస్తే తేదీలు కావాలన్నవారు అక్కడే చూసుకుంటారు.

పంపే ముందు ముసాయిదాను మేనేజరుకు చూపించాలి, యాక్సెస్ చూసే సహోద్యోగికీ చూపించాలి. ‘మీకున్న పని ఒత్తిడి గురించి సరిగ్గానే రాశానా అండీ?’ అని అడిగితే తప్పుంటే ఆయనే దిద్దుతాడు. ఒక్కోసారి ఆ మాటతోనే యాక్సెస్ వచ్చేస్తుంది, మెయిల్ అవసరమే పడదు. ఇద్దరినీ కాపీలో బాహాటంగానే ఉంచాలి. బ్లైండ్ కాపీ మాత్రం వద్దు, ఆఫీసులో అలాంటివి దాగవు.

ఈ పద్ధతి పనుల చిక్కులకే. లైంగిక వేధింపుల వంటివాటిలో పేరు దాచి మెత్తగా రాయనక్కర్లేదు. దానికి 2013 చట్టం ప్రకారం ఏర్పడే అంతర్గత కమిటీ ఉంది.

యాక్సెస్ అందాక అదే మెయిల్‌కు, అందరికీ కనిపించేలా ‘అందింది, పరీక్ష మొదలైంది, సాయం చేసినందుకు థాంక్స్’ అని జవాబివ్వాలి. లేకపోతే ఆ సహోద్యోగి పై మేనేజరు మనసులో పని ఆపిన మనిషిగానే ఉండిపోతాడు.